అప్‌డేట్: కన్యలో అస్తంగత శుక్రుడు

నా ప్రశ్న ఇది: "శుక్రుడు కన్యలో నీచ, పైగా అస్తంగతుడు, శని కూడా కలిశాడు అన్నారు. నాకు ప్రేమ పెళ్లి రాసిపెట్టి లేదా?"

మీరు చెప్పినట్టే డిగ్రీలు తీయించాను. శుక్రుడు 16, రవి 22. తేడా 6 డిగ్రీలే, శుక్రుడికి అస్తంగత్వ హద్దు 10 కాబట్టి ఆ మాట నిజమే. శని మాత్రం కలవలేదు, ధనుస్సు నుంచి పదో చూపుతో చూస్తున్నాడు. కలయిక అంటే ప్రేమలో చల్లదనం, ఆలస్యం అంటారు. చూపుకూ ఆ ఫలమే చెబుతారు గానీ కాస్త తక్కువగా. ఇన్నాళ్ల టెన్షన్‌లో సగం "కలిశాడు" అన్న ఆ ఒక్క పదం వల్లే!

అదే కన్యలో బుధుడు ఉచ్చలో ఉన్నాడు కాబట్టి నీచభంగం అన్నారు మొదటి జ్యోతిష్కుడు. రెండో ఆయన ఒప్పుకోలేదు. బుధుడూ రవికి దగ్గరై అస్తంగతుడేనట, తనకే బలం లేనివాడు ఇంకొకరి నీచను పూర్తిగా తీయలేడట. నాకు ఈయన మాటే సబబుగా తోచింది. కానీ నవాంశలో శుక్రుడు వృషభంలో, అంటే స్వక్షేత్రంలో పడ్డాడు. అందుకే ఆయన "ఇష్టం చెప్పడానికి జంకుతావు, బంధం కుదిరాక నిలుస్తుంది" అన్నారు. జంకు మాట నిజమే, దానికి జాతకం అక్కర్లేదు. వజ్రం ఉంగరం ఇద్దరూ వద్దన్నారు, కొనలేదు.