‘అండర్ అబ్జార్ప్షన్’కు తెలుగులో ఏమనాలి?

మియాపూర్ అనువాదం: బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న మెషిన్ షాపులు నడిపేవాళ్ల కోసం కాస్టింగ్, అంటే తయారీ ఖర్చు లెక్కల మీద ఒక చిన్న పుస్తకం తెలుగులో రాస్తున్నాను. ‘అండర్ అబ్జార్బ్డ్ ఓవర్‌హెడ్’ దగ్గర ఆగిపోయాను. ‘అల్ప శోషణ’ అని రాస్తే, చదివిన ఒకాయన “ఎవరు పీల్చారమ్మా, దేన్ని పీల్చారు?” అన్నారు. ‘తక్కువ వసూలైన ఓవర్‌హెడ్’ అంటే సరిపోతుందా? మార్చి చివర్లో ఈ తేడాను ఖాతాల్లోంచి తీసేసే పనికీ ఒక మాట కావాలి. ‘రద్దు’ అనొచ్చా?

అబిడ్స్ బట్టలు: ‘భరించడం’ అనండి మేడమ్. పన్ను పెరిగినా కస్టమర్ మీద వేయకపోతే మేము “అబ్జార్బ్ చేసుకున్నాం” అంటాం. తక్కువ భరించాం, ఎక్కువ భరించాం. ఇంతే కదా?

పాత బీకాం: అది వేరే సంగతండీ. ఇక్కడ అండర్ అంటే బడ్జెట్ కంటే ఎక్కువ ఖర్చు పెట్టారని. ‘మించిన ఖర్చు’ అంటే అందరికీ అర్థమవుతుంది. చివర్లో లాభనష్టాల ఖాతాకు డెబిట్ చేస్తే పనైపోతుంది కాబట్టి ‘రద్దు’ కూడా సరైన మాటే.

కాస్ట్ ఖాతా: డెబిట్ మాట సగం నిజం. ‘మించిన ఖర్చు’ మాత్రం మేడమ్ పుస్తకంలోకి వెళ్లకూడదు. రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టకపోయినా అండర్ వస్తుంది, చాలాసార్లు అలాగే వస్తుంది. ఒక షాపు లెక్క చెబుతాను. అంకెలు నేను వేసుకున్నవే, తేలిగ్గా ఉండాలని గుండ్రంగా పెట్టాను.

ఏప్రిల్‌లో అనుకున్నది ఇది: ఏడాదికి మెషిన్లు 12,000 గంటలు నడుస్తాయి, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ 36 లక్షలు అవుతుంది. అందులో అద్దె, తరుగుదల, సూపర్‌వైజర్ జీతం వంటి కదలని ఖర్చు 24 లక్షలు. కరెంటు, కూలెంట్ వంటి గంటతో పాటు పెరిగేవి 12 లక్షలు. అంటే గంటకు 300 రూపాయలు, అందులో 200 కదలనిది, 100 కదిలేది. ఆ రోజు నుంచి ఏ జాబ్ మెషిన్ ఎక్కినా, నడిచిన గంటకు 300 చొప్పున దాని మీద రాస్తారు. అసలు బిల్లులు వచ్చేదాకా ఆగితే ఏ జాబ్‌కు ఎంత ఖర్చయిందో ఏడాది చివరికి గానీ తెలియదు, అందుకే ముందే రేటు కట్టడం.

ఆర్డర్లు తగ్గాయి. మెషిన్లు 10,000 గంటలే నడిచాయి. జాబ్‌ల మీద రాసింది 30 లక్షలు. నిజంగా అయిన ఖర్చు 34 లక్షల 60 వేలు. ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాలో ఒక పక్క నిజం ఖర్చు, ఇంకో పక్క జాబ్‌లకు రాసింది ఉంటాయి. డెబిట్ వైపు 4 లక్షల 60 వేలు మిగిలింది. ఇదే అండర్. క్రెడిట్ మిగిలితే ఓవర్.

పాత బీకాం: మరి 36 లక్షలు అనుకుంటే 34.6 అయింది. ఇది ఖర్చు తగ్గించినట్టు కదా! అండర్ ఎలా అయింది?

కాస్ట్ ఖాతా: చాలామందిని తికమక పెట్టేది ఇక్కడే. 10,000 గంటలకు ఎంత అవ్వాలో చూడండి. కదలని 24 లక్షలు ఎలాగూ ఉంటాయి. కదిలేది గంటకు 100 చొప్పున 10 లక్షలు. మొత్తం 34 లక్షలు అవ్వాలి, 34.6 అయింది. కాబట్టి నిజంగా ఎక్కువైన ఖర్చు 60 వేలే. కంప్రెసర్ రిపేరో మరొకటో అయి ఉంటుంది. మిగతా 4 లక్షలకు ఎవరి చేతివాటమూ, దుబారా లేవు. నడవని 2,000 గంటలకు పడాల్సిన, గంటకు 200 చొప్పున కదలని ఖర్చు అది. ఎక్కడానికి జాబ్ లేక ఖాతాలోనే నిలబడిపోయింది. సూపర్‌వైజర్‌ని పిలిచి “నాలుగున్నర లక్షలు ఎందుకు దాటించావు?” అని అడిగితే ఆ మనిషి ఏం చెబుతాడు?

అబిడ్స్ అన్నా, మీరు చెప్పిన భారం యజమాని మోస్తాడు. ఇక్కడ మోసేది జాబ్, అంటే తయారయ్యే సరుకు. అందుకే ‘భరించడం’ అతకదు. ‘వసూలు’తోనూ ఇబ్బందే. కస్టమర్ కొనని సరుకు గోడౌన్‌లో ఉన్నా దాని మీద ఓవర్‌హెడ్ పడే ఉంటుంది, వసూలు మాత్రం కాలేదు. రికవరీ అన్న మాట కాస్టింగ్‌లో బాగా వాడుకలో ఉంది నిజమే, కానీ తెలుగులో ‘వసూలు’ అనగానే చదివేవాడి చూపు బిల్లు మీదికి పోతుంది.

బాలానగర్ లేత్: మా దగ్గర ‘ఎక్కించడం’ అంటారు మేడమ్. “ఆ జాబ్ మీద కరెంట్ ఎక్కించావా?” అని. తక్కువ ఎక్కింది, ఎక్కువ ఎక్కింది అంటే మా పోరగాళ్లకు కూడా తెలుస్తది. నా అనుమానం వేరు. పోయిన ఏడు నాదీ దాదాపు ఇదే కథ, సీఎన్‌సీ ఒకటి స్పిండిల్ పోయి చాలా రోజులు ఆగింది. ఈ లెక్క ప్రకారం కొత్త ఏడాది గంట రేటు 346 పెట్టి కొటేషన్ ఇయ్యాలా?

కాస్ట్ ఖాతా: 34.6 లక్షలను 10,000తో భాగించి 346 అంటున్నారు. అలా పెట్టకండన్నా. ఖాళీగా ఉన్న మెషిన్ ఖర్చు, నడిచిన జాబ్ మీద పడుతుంది. కొటేషన్ ఎక్కువవుతుంది, ఆర్డర్ పక్క షాపుకు పోతుంది, గంటలు ఇంకా తగ్గుతాయి, వచ్చే ఏడు రేటు ఇంకా పైకి. మామూలుగా నాలుగైదేళ్ల సగటున, మెయింటెనెన్స్ ఆపుళ్లు తీసేసి, ఎన్ని గంటలు నడుస్తుందో దాని మీద రేటు కట్టండి. కరెంటు రేటు లాంటిది నిజంగా మారితే ఆ మేరకే సవరించండి.

మియాపూర్ అనువాదం: ‘ఎక్కింపు’ బాగుంది. మరి మార్చి చివర్లో ఈ 4.6 లక్షలను ఏం చేస్తారు? బీకాం గారు చెప్పినట్టు అంతా లాభనష్టాల ఖాతాకేనా?

కాస్ట్ ఖాతా: ఇక్కడే డబ్బు విషయం. ఆ 10,000 గంటల్లో 8,000 గంటల సరుకు అమ్ముడైంది అనుకోండి. 1,200 గంటలది తయారై గోడౌన్‌లో ఉంది, 800 గంటలది సగం పనిలో ఉంది.

అదనపు రేటు కట్టి అంతా పంచేస్తే గంటకు 46 రూపాయలు పడుతుంది. అమ్మిన దాని మీద 3,68,000, ఉన్న సరుకు మీద 55,200, సగంలో ఉన్న దాని మీద 36,800. అంటే 92 వేలు సరుకు విలువలో కూర్చుని వచ్చే ఏడాదికి జరిగిపోతుంది. ఈ ఏడాది లాభం ఆ మేరకు పెద్దదిగా కనిపిస్తుంది.

సరుకు విలువ ఎలా కట్టాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణాలు ఏఎస్ 2, ఇండ్ ఏఎస్ 2 రెండూ దీనికి ఒప్పుకోవు. కదలని ఓవర్‌హెడ్‌ను మామూలు సామర్థ్యం మీదే సరుకుకు ఎక్కించాలి, ఎక్కకుండా మిగిలింది ఆ ఏడాది ఖర్చుగానే పోవాలి అంటాయి. ఖాళీ మెషిన్ ఖర్చు గోడౌన్‌లోని ముక్కకు విలువ పెంచదు కదా. కాబట్టి 4 లక్షలు నేరుగా లాభనష్టాల ఖాతాకు. ఆ 60 వేలు మామూలుగా వచ్చే ఖర్చే అయితే గంటకు 6 చొప్పున పంచవచ్చు: 48,000, 7,200, 4,800. సరుకులోకి వెళ్లేది 12 వేలే. రెండు పద్ధతులకూ లాభంలో 80 వేల తేడా. కాబట్టి ‘రద్దు’ అనకండి. కొంత పంచుతారు, కొంత ఖర్చు రాస్తారు. ‘సర్దుబాటు’ సరిపోతుంది.

పాత బీకాం: సరే, ఖర్చు గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఓవర్ వస్తే మాత్రం మిగిలింది లాభమే కదా? దాన్ని వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు కూడా.

కాస్ట్ ఖాతా: లాభం కాదు. అదే షాపు 13,000 గంటలు నడిస్తే 39 లక్షలు ఎక్కుతుంది, 37 లక్షలే అవ్వాలి. 2 లక్షలు అదనంగా ఎక్కించారు. అందులో అమ్ముడుపోని సరుకు వాటా కూడా ఉంది, అంటే ఆ సరుకు పుస్తకాల్లో నిజం ఖర్చు కంటే ఎక్కువ ధరకు కూర్చుంది. ఉత్పత్తి అసాధారణంగా పెరిగిన ఏడాది కదలని ఖర్చు వాటాను తగ్గించి సరుకు విలువను కిందికి దించాలి. అంతా లాభంలో చూపిస్తే మేనేజర్లు అమ్మకం లేకపోయినా మెషిన్ నడిపి గోడౌన్ నింపే ప్రమాదం ఉంది.

ముందుకు తోయడం సంగతి: షాపు లోపలి నెలవారీ లెక్కల్లో, సీజన్ వల్ల ఒక నెల అండర్, ఇంకో నెల ఓవర్ వస్తే ఖాతాలో ఉంచి ఏడాది చివర చూడొచ్చు. ఏడాది దాటించడం కుదరదు. లిస్టెడ్ కంపెనీల క్వార్టర్ ఫలితాల్లోనైతే “చివరికి సర్దుకుంటుంది” అని ఆపుకోవడానికి ఇండ్ ఏఎస్ 34 ఒప్పుకోదు.

బాలానగర్ లేత్: అన్నా, ఒకటి అడుగుతా. మామూలు సామర్థ్యం 12,000 అని ఎవరన్నరు? మా షాపుకూ కాగితం మీద అదే అంకె ఉంది, కానీ అది బ్యాంకు లోన్ కోసం పెట్టింది. నా షాపు ఎప్పుడూ 11,000 దాటలేదు.

కాస్ట్ ఖాతా: అదే నిజమైతే నా లెక్క తప్పు పునాది మీద ఉన్నట్టే. 24 లక్షలను 11,000తో భాగిస్తే కదలని రేటే గంటకు సుమారు 218 అవుతుంది, 200 కాదు. అప్పుడు ఖాళీ గంటలు వెయ్యి మాత్రమే, లాభనష్టాల ఖాతాకు పోయేది దాదాపు 2.18 లక్షలు, సరుకు మీద కొంచెం ఎక్కువ పడుతుంది. దీనికి మీ పాత లాగ్ బుక్కులు చూడాలి. స్పిండిల్ పోవడం ఏటా వచ్చేదా, ఒక్కసారి వచ్చిందా అన్నది కూడా. ఆడిటర్‌తో ఎక్కువ వాదన జరిగేది దీని మీదే.

అబిడ్స్ బట్టలు: మేడమ్, అయితే నా ‘భరించడం’ పోయినట్టే. ‘ఎక్కింపు’ కూడా లారీ లోడు లాగా ఉంది సుమా.

మియాపూర్ అనువాదం: లారీయే కానివ్వండి, బాలానగర్‌లో అర్థమైతే చాలు. ‘తక్కువ ఎక్కిన ఓవర్‌హెడ్’, ‘ఎక్కువ ఎక్కిన ఓవర్‌హెడ్’, ‘సర్దుబాటు’ రాస్తున్నా. ‘మామూలు సామర్థ్యం’ మాటకు మాత్రం కింద ఒక పేరా పెట్టాలి. లేత్ అన్నా, మీ లాగ్ బుక్కుల గంటలు పంపితే అదే ఉదాహరణగా వేస్తాను.

బాలానగర్ లేత్: 2021 నుంచి ఉన్నయి. ఒక మెషిన్‌ది నూనె పడి సగం పేజీలు చదవరాదు, అది తప్ప మిగతావి పంపుతా.