అప్‌డేట్: శెనక్కాయ చెట్టుతో మొక్క భాగాల పాఠం

నా ప్రశ్న: "నాలుగో తరగతికి మొక్క భాగాలు చెప్పాలి. లేబుళ్ల అట్ట మోడల్, జతపరిచే షీట్ ఉన్నాయి. నిజం మొక్క ఏది తేవాలి?"

అనంతపురంలో ఉండి ఇంకేం తెస్తాం, శెనక్కాయ చెట్టే తెచ్చాను. మట్టితో సహా పెకలించి బకెట్ నీళ్లలో కాసేపు నానబెడితే సన్న వేర్లు తెగకుండా వచ్చాయి. ఆకు, పువ్వు అందరూ సరిగ్గానే జతపరిచారు కానీ కాయను మాత్రం సగంమంది "వేరు"కు కలిపారు, భూమిలో ఉంది కదా మరి! అప్పుడు కాయ పట్టుకుని పైకి వెళ్లమన్నాను. కాయ వేరుకు కాదు, ఊడకు వేలాడుతోంది. ఆ ఊడ పువ్వు రాలిన చోటు నుంచి కిందికి దిగింది. మోడల్‌లో ఊడే లేదు, ఊలుదారం అతికించాను.