బతుకమ్మ స్టాళ్ల మెయిల్: మొదటి వరుసల ఏం అడగాలె?

దేవరకొండ అక్క, స్టాళ్ల కమిటీ: ఇక్కడి కిరాణా దుకాణాలకు, ఇండ్ల ఏజెంట్లకు స్టాల్ మెయిల్ రేపు పోవాలె. ఇప్పుడు మొదటి వాక్యం ఇట్ల ఉన్నది: ‘మా బతుకమ్మ సంబురాలకు స్పాన్సర్ చేయడానికి మీకు ఆసక్తి ఉందా?’ ఉంచాల్నా, మార్చాల్నా?

కల్వకుర్తి అన్న: మార్చాలె చెల్లె. గా ప్రశ్నకు అవునంటే పైసలియ్యాలె, కాదంటే మొహమాటం. రెండూ ఇబ్బందే గాబట్టి ఆయన ఏదీ రాయడు. గల్లా కాడ నిలబడి, లెక్కల పుస్తకం తెరవకుండ, ఫోన్ల ఒక్క వరుస కొట్టగలిగేది అడుగు. కిరాణావాళ్లకైతే: ‘బతుకమ్మ వారం మీ దగ్గర బంతిపూలు ఏ రోజుకు అయిపోతాయి?’

మిర్యాలగూడ తమ్ముడు: సమజైంది అన్నా. ‘ఉందా, చేస్తారా’ తీసేసి ‘ఎట్ల, ఏం, ఎప్పుడు’ పెడితే అయిపాయె. నేనొకటి రాసిన: ‘ఒక్క రోజులో ఇన్ని తెలుగు కుటుంబాలను కలిసే అవకాశం మీకెలా అనిపిస్తుంది?’

కల్వకుర్తి అన్న: సగం పట్టుకున్నవు తమ్మీ. ‘ఎలా’ ఉన్నా అది అవుననిపించుకునే ప్రశ్ననే, ముసుగేసుకున్నదంతే. ‘బాగుంది’ అని రాస్తే నీకు కొత్తగ ఏం తెల్సినట్టు? ఆయన జవాబును బట్టి మన పని మారాలె. పూలు గురువారానికే అయిపోతయంటే, శనివారం ఆడేటోళ్లకు దొరకయన్నట్టు. అప్పుడు మన కుటుంబాల ఆర్డర్లు ముందే రాసుకొని ఆయనకిస్తం, శుక్రవారం తీసుకపోతరు. శనివారం దాక మిగుల్తయంటే, హాల్ తలుపు కాడ పొద్దుగాల్నే స్టాల్ పెట్టుమంటం. రెండు జవాబులకు రెండు తోవలుంటేనే ప్రశ్న పంపు.

గద్వాల వదిన, చీరల స్టాల్: నాకు మూలకున్న జాగ ఇస్తరా? ఎంత కట్టాలె?

దేవరకొండ అక్క: ధర రాత్రి ఫోన్ల చెప్త వదినా, ఇది మెయిల్ రాత ముచ్చట. అయినా మీరే చెప్పుండ్రి, మిమ్ముల ఏం అడిగితే వెంటనే జవాబిస్తరు?

గద్వాల వదిన: పోయినేడు ఎంత అమ్మినవంటే చెప్ప. వచ్చినోళ్లు ముందుగాల ధర అడుగుతరా, అంచు చూస్తరా అంటే చెప్త: అంచే. ఒళ్లు నూలు, అంచు పట్టు అని సమజు చేసేసరికి తెల్లారుతది. మంచి వెలుతురు లేని జాగ నాకొద్దు.

కల్వకుర్తి అన్న: గిదే. ఒక్క ప్రశ్నతోని ఏ జాగ ఇయ్యాల్నో తెల్సిపాయె. అమ్మకం లెక్క అడిగితే అది వ్యాపార రహస్యం, పైగా ఎతకాలె. ఇండ్ల ఏజెంట్లకు గూడ అంతే: ‘మొదటిసారి ఇల్లు కొనే తెలుగువాళ్లు మిమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న ఏది?’ వాళ్లు చెప్పిందే వాళ్ల బల్ల మీది బోర్డుకు రాయొచ్చు. కిరాణా మెయిల్ గిట్ల పెట్టు:

> సబ్జెక్ట్: బంతిపూల గురించి ఒక మాట
>
> నమస్కారమండీ, బతుకమ్మ వారం మీ దగ్గర బంతిపూలు ఏ రోజుకు అయిపోతాయి? శనివారం మా సంబురాల్లో పూల స్టాల్ అద్దెకు ఇస్తున్నాం. మీ జవాబును బట్టి ముందే ఆర్డర్లు తీసుకోవాలా, అక్కడే అమ్మించాలా అని చూస్తాం. ఒక్క మాట రాసినా చాలు.

కింద మనిషి పేరు, ఫోన్ నంబరు. రెండో ప్రశ్న వద్దు. రెండుంటే అల్కటిదానికి జవాబిచ్చి రెండోది ఇడుస్తరు, లేకుంటే తీరికున్నప్పుడు రాద్దామని పక్కకు పెడ్తరు.

మిర్యాలగూడ తమ్ముడు: నలభై మందికి బీసీసీల కొట్టేస్తనే. బ్రోచర్ గూడ పెడ్త.

కల్వకుర్తి అన్న: వద్దురా నాయనా. బీసీసీల వచ్చిందాన్ని చూడంగనే తెలుస్తది, అందరికీ పోయిందని. ఇంకెవరో చెప్తరులే అనుకుంటరు. బ్రోచర్ కనవడితే ప్రశ్న సాకు అయిపోతది. ఒక్కొక్కరికి విడిగ పంపు, జవాబు సంఘం మెయిల్ పెట్టెకు గాదు, నీకే వచ్చేటట్టు చూసుకో. వచ్చిన్నాడే తిరిగి రాయాలె. ‘గురువారానికే’ అంటే, ‘అయితే బుధవారం వరకు ఆర్డర్ల జాబితా మీకిస్తాం, శుక్రవారం ఎన్ని గంటలకు తీసుకోమంటారు?’ అను. స్టాల్ ధర గా మెయిల్ల చెప్పు. ‘ధన్యవాదాలు, బ్రోచర్ చూడండి’ అంటివో, ఆయన చెప్పింది చదవనట్టే.

కోశాధికారి సారు, నాగర్‌కర్నూల్: ధర మొదటి మెయిల్లనే ఉండాలె. పూల ముచ్చట చెప్పించుకొని తర్వాత బిల్లు తీస్తే నాకు నచ్చది.

కల్వకుర్తి అన్న: స్టాల్ అద్దెకని రెండో వాక్యంల చెప్తనే ఉన్నం గద సారూ, దాస్తలేం. అంకె కనవడితే ప్రశ్న ఇడిసి అంకెకే జవాబిస్తరు.

కోశాధికారి సారు: ఇయ్యనియ్యి. కొననోడు ముందే తెలుస్తడు.

దేవరకొండ అక్క: సరే, కిరాణాలు పన్నెండున్నయి. ఆరు దుకాణాలకు ధరతోని సారు పంపాలె, మిగిలిన ఆరు దుకాణాలకు ధర లేకుండ తమ్ముడు. ఆదివారం రాత్రి ఎవరికెన్ని జవాబులొచ్చినయో ఇక్కడ పెట్టుండ్రి. ఇండ్ల ఏజెంట్ల ప్రశ్న నేను సోమవారం పంపుత. వదినా, మీకు కిటికీ పక్క జాగ రాసిన.