అప్‌డేట్: అమలాపురంలో చూసిన పాత నికాన్ కెమెరా

నా ప్రశ్న: "నికాన్ డీ7200, 50 ఎం.ఎం. జీ లెన్స్ అమ్మకానికి ఉన్నాయి. షట్టర్ కౌంట్ 21,000, లెన్స్‌లో కొద్దిగా దుమ్ము, ఫంగస్ లేదు, బ్యాటరీ, ఛార్జర్, హుడ్ ఇస్తామని రాశారు. నమ్మవచ్చా?"

ఆదివారం అమలాపురం వెళ్లి చూసి వచ్చాను. షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది; వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అలాంటి లోపలి వివరాలు తొలగిపోతాయి కనుక, అక్కడే ఒక జేపెగ్ తీసి, కార్డు నుంచి నేరుగా నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూశాను.

```
exiftool -ShutterCount DSC_0412.JPG
```

21,340 అని వచ్చింది. ఈ మోడల్ షట్టర్‌ను 1,50,000 సార్లకు పరీక్షించారు కాబట్టి ఆ విషయంలో బెంగ లేదు.

చిక్కంతా లెన్స్‌తోనే వచ్చింది. ఈ రకం లెన్స్‌ను బాడీ నుంచి తీస్తే వెలుతురు వెళ్లే రంధ్రం బాగా చిన్నదైపోతుంది; వెనుకనున్న చిన్న మీటను వేలితో నెట్టి పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చిని ఏటవాలుగా వేసి చూస్తే, దుమ్ము విడివిడి చుక్కల్లా కనిపించింది గానీ, అంచు దగ్గర సాలీడు దారాల్లాంటి కొమ్మలు పాకి ఉన్నాయి. అది ఫంగసే. అమ్మకందారు అబద్ధమాడారని అనుకోను; కోనసీమ తేమలో రెండు వర్షాకాలాలు తోలు సంచిలో ఉంచారట, టార్చి వేసి ఎన్నడూ చూడలేదట.

హుడ్ కూడా దొరకలేదు. లెన్స్ వదిలేసి, బాడీ, బ్యాటరీ, ఛార్జర్ మాత్రమే ధర తగ్గించి తీసుకున్నాను.