“గాఢత” ఎవరిది: ఉప్పుదా, నీళ్లదా?

ప్రొద్దుటూరు: ద్రవాభిసరణం పాఠంలో, అంటే పొర గుండా నీరు పోవడం గురించి, మా సైన్స్ అయ్యవారు బోర్డు మీద “పల్చన విడిచి నీరు చిక్కని దాపుకు చేరు” అని రాసేవారు. తర్వాతి పాదం గుర్తుకు రావడం లేదు. పాపకు ఎల్లుండి తొమ్మిదో తరగతి పరీక్ష. దాని నోట్సులో మాత్రం నీరు “ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు” పోతుందని ఉంది. ఇదేమి తిరకాసు?

ఆదోని: రెండూ సరైనవే అక్కా. “గాఢత” ముందు ఏ మాట ఊడిపోయిందో చూడండి. నీటి గాఢత అంటే ఎక్కువ నుంచి తక్కువకు. అందులో కరిగిన ఉప్పు, చక్కెరల గాఢత అంటే తక్కువ నుంచి ఎక్కువకు. ఉత్త “గాఢత” అని రాస్తే మార్కు పోయే ప్రమాదముంది.

తాడిపత్రి: వేమన “ఉప్పు కప్పురంబు”లోనే రెండూ ఉన్నాయి! కప్పురం వాసన గదంతా పాకడం వ్యాపనం. వానాకాలం ఉప్పు చెమ్మ పట్టడం ద్రవాభిసరణం.

ఆదోని: కప్పురం ఒప్పుకుంటా. ఉప్పు జాడీలో పొర ఏది స్వామీ? నీటిని పోనిచ్చి చక్కెరను ఆపే పొర లేంది ద్రవాభిసరణం లేదు. పచ్చి ఉర్లగడ్డ అడుగున తొక్క తీసి, పైన గుంట తవ్వి, అందులో చిక్కని చక్కెర నీళ్లు సగానికి పోసి, మట్టం దగ్గర గుండుసూది గుచ్చండి. గడ్డను నీళ్ల పళ్లెంలో నిలబెడితే కొన్ని గంటల్లో మట్టం సూదిని దాటుతుంది. ఉడికించిన గడ్డలో అట్లా పెరగదు. వేడికి కణాల పొర చెడి, చక్కెర కూడా బయటికి జారిపోతుంది.

మైదుకూరు: మా టమాటకు యూరియా మొదట్లోనే ఎక్కువ పడింది. తడి ఉన్నా మొక్కలు వాడిపోయాయి. వేరు ఎరువును గుంజుకుంటుంది కాబట్టి ఇది శక్తి ఖర్చు పెట్టి లాక్కునే సక్రియ రవాణానే కదా?

ఆదోని: గుంజుకోవడం వరకు మీ మాట నిజం. మట్టిలో నైట్రేటు తక్కువున్నా వేరు తన కణాల్లోని శక్తిని, అంటే ఏటీపీని, ఖర్చు పెట్టి లోపలికి లాగుతుంది. నీళ్లు నిలిచి వేరుకు గాలి ఆడకపోతే ఆ పని కుంటుపడుతుంది. మీ మొక్కలు వాడింది మాత్రం ద్రవాభిసరణం వల్లే. మట్టిలోని నీళ్లు వేరు రసం కంటే చిక్కనై, వేరులోని నీళ్లే బయటికి పోయాయి. ధారాళంగా నీళ్లు పారించి ఎరువును కిందికి దింపితే, వేర్లు మాడకుండా ఉంటే, తేరుకుంటాయి.

తాడిపత్రి: అదంతా సరే, అయ్యవారి పాదంలో “దాపుకు” కాదు, “వైపుకు” అయ్యుంటుంది. నీరు దాపుకొచ్చి ఆగదు, పొర దాటి లోపలికి పోతుంది.

ప్రొద్దుటూరు: “దాపు” అనే రాసేవారు, నాకు బాగా గుర్తు.

ఆదోని: నాకూ దాపే నయమనిపిస్తోంది. నీటి అణువులు రెండు దిక్కులా దాటుతూనే ఉంటాయి, చిక్కని దిక్కుకు పోయేవి ఎక్కువ, అంతే. “వైపుకు” అంటే ఒకటే దారి అన్నట్టుంటుంది.

తాడిపత్రి: అట్లయితే “చేరు” కూడా కుదరదు.