అట్కిన్సన్ ఇంజిన్ బదులు చిన్న ఇంజినే పెడితే సరిపోదా?

2010 ప్రియస్ హైబ్రిడ్‌లో 1.8 లీటర్ల అట్కిన్సన్ ఇంజిన్ ఇచ్చేది 98 హార్స్‌పవరే. అదే కుటుంబానికి చెందిన 1.8 ఇంజిన్ అప్పటి అమెరికా కరోలాలో 132 ఇచ్చేది. ప్రియస్‌లో పిస్టన్ పైకి రావడం మొదలెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కాసేపు తెరిచే ఉంటుంది కాబట్టి, పీల్చిన గాలిలో కొంత మానిఫోల్డ్‌లోకి వెనక్కి పోతుంది. లోపల గాలి తగ్గింది, పెట్రోలూ తగ్గింది, పవరూ తగ్గింది. కానీ మండిన వాయువు మాత్రం పిస్టన్‌ను కిందిదాకా నెడుతుంది, సైలెన్సర్ పాలయ్యే ఒత్తిడి తగ్గుతుంది. ఇక్కడిదాకా ఓకే.

నా డౌట్ ఏంటంటే, గాలి ఎలాగూ తక్కువే మిగులుతున్నప్పుడు మామూలు 1.3 లీటర్ల ఇంజిన్ పెడితే అదే మైలేజీ రాదా? ఇంకోటి, పొడవాటి ఘాట్ ఎక్కుతుండగా బ్యాటరీ అడుగంటితే, వాల్వ్‌ను కాస్త ముందే మూసి ఇంజిన్ ఆ పవర్‌ను కొంతైనా రాబట్టగలదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.