అప్‌డేట్: పర్యావరణ అనుమతి షరతులు క్యాలెండర్‌లోకి ఎక్కాయి

నా ప్రశ్న: "పర్యావరణ అనుమతి లేఖలోని షరతులను ప్లాంట్ మేనేజర్‌కి క్యాలెండర్‌గా ఎలా కుదించాలి?"

గడువు తేదీలు తేలిగ్గానే దొరికాయి. షరతుల అమలుపై ఇచ్చే అర్ధ సంవత్సర నివేదికకు జూన్ 1, డిసెంబర్ 1. ఏటా ఇచ్చే పర్యావరణ నివేదిక ఫారం-5కి సెప్టెంబర్ 30. కానీ మేనేజర్‌కి నిజంగా కావాల్సింది వాటికి ముందు జరగాల్సిన పనులు. జూన్ నివేదిక అక్టోబర్ నుంచి మార్చి దాకా కాలానికి. ఆలోగా చిమ్నీ శాంపిల్ తీయకపోతే మేలో ల్యాబ్‌ని ఎంత తొందరపెట్టినా ఆ డేటా రాదు. అందుకే మార్చి మొదటి వారంలో "ఏ శాంపిల్ మిగిలింది?" అనీ, ఏప్రిల్ 15న "ల్యాబ్ రిపోర్టులు చేతికి రావాలి" అనీ రాశాను. ప్లాంట్ చుట్టూ చెట్లు పెంచాలనే గ్రీన్‌బెల్ట్ షరతుకు లేఖలో తేదీ లేదు, కాబట్టి వానలకు ముందు గుంతలు తవ్వే వారం పెట్టాను. ప్రతి ఎంట్రీ పక్కన షరతు నంబర్, బాధ్యుడి హోదా ఉన్నాయి.